యాంజియోటెన్సిన్ II ఛార్జ్ ఏ pH దగ్గర సున్నా అవుతుంది? సైడ్ చైన్ల pKa లతో పెప్టైడ్ నికర ఛార్జ్, pI లెక్కగట్టే పద్ధతి

ఒకే పెప్టైడ్. ఒకరు పాఠ్యపుస్తకం పట్టిక చూసి దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్, అంటే నికర ఛార్జ్ సున్నా అయ్యే pH, పొట్టిగా pI, 7.74 అంటారు. ఇంకొకరు వేరే పట్టికతో లెక్కగట్టి 7.27 అంటారు. ఇద్దరి లెక్కలోనూ కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. తేడా అంతా వాళ్లు ఎంచుకున్న pKa విలువల్లో, అంటే ఒక్కో గుంపు ఏ pH దగ్గర ప్రోటాన్ వదులుతుందో చెప్పే అంకెల్లో ఉంది. అందులోనూ ఎక్కువ భాగం ఒకే ఒక్క గుంపు వల్ల వచ్చింది. అది ఏ గుంపు, ఎందుకు అన్నది తెలిస్తే pI లెక్క మొత్తం చేతికొచ్చినట్టే.

ఉదాహరణగా యాంజియోటెన్సిన్ II ని తీసుకుందాం. రక్తపోటును పెంచే ఎనిమిది అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్ ఇది. వరుస: ఆస్పార్టిక్ ఆమ్లం, ఆర్జినిన్, వాలిన్, టైరోసిన్, ఐసోల్యూసిన్, హిస్టిడిన్, ప్రోలిన్, ఫినైల్‌అలనిన్. ఒంటి అక్షరాల్లో `DRVYIHPF`. ఈ లెక్క నేర్చుకోవడానికి ఇంత బాగా కుదిరే పెప్టైడ్ అరుదు. ప్రోటాన్ తీసుకుంటే ధనాత్మకమయ్యే గుంపులు మూడు, ప్రోటాన్ వదిలితే ఋణాత్మకమయ్యేవి మూడు. ఆ ఆరింటి pKa లూ కింది నుంచి పై వరకు మెట్లలా అమరి ఉంటాయి.

## మొదటి పని: లెక్కలోకి రాని వాటిని కొట్టేయడం

వరుసను కాగితం మీద రాసి, ప్రోటాన్ ఇచ్చిపుచ్చుకునే శక్తి లేని వాటిని గీత గీసి తీసేయండి. వాలిన్, ఐసోల్యూసిన్, ప్రోలిన్, ఫినైల్‌అలనిన్ సైడ్ చైన్లు మామూలు pH పరిధిలో ఏమీ మారవు, కాబట్టి అవి పోతాయి. పెప్టైడ్ బంధంలోని నైట్రోజన్లు కూడా పోతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు. "ప్రతి అమైనో ఆమ్లానికీ ఒక అమైనో గుంపు, ఒక కార్బాక్సిల్ గుంపు ఉన్నాయి కదా" అని ఎనిమిదింటికీ పదహారు pKa లు రాసేస్తారు. బంధం ఏర్పడ్డాక ఆ గుంపులు అమైడ్‌గా మారిపోతాయి. అమైడ్ నైట్రోజన్ మీది జంట ఎలక్ట్రాన్లు పక్కనున్న కార్బొనిల్ వైపు మళ్లిపోతాయి కాబట్టి అది ప్రోటాన్‌ను పట్టుకోదు. చివరికి మిగిలే చివరలు రెండే: మొదటి అమైనో ఆమ్లానికి ఉన్న అమైనో చివర, ఆఖరిదానికి ఉన్న కార్బాక్సిల్ చివర.

మన పెప్టైడ్‌లో మిగిలేవి ఆరు. కార్బాక్సిల్ చివర, ఆస్పార్టిక్ సైడ్ చైన్, హిస్టిడిన్, అమైనో చివర, టైరోసిన్, ఆర్జినిన్. వీటిని రెండు జాతులుగా విడదీసి రాసుకోండి. కార్బాక్సిల్ చివర, ఆస్పార్టిక్, టైరోసిన్ ప్రోటాన్ ఉన్నప్పుడు సున్నా, పోయాక −1. అమైనో చివర, హిస్టిడిన్, ఆర్జినిన్ ప్రోటాన్ ఉన్నప్పుడు +1, పోయాక సున్నా. pKa అంకె ఒక గుంపు ప్రోటాన్‌ను ఎప్పుడు వదులుతుందో మాత్రమే చెబుతుంది. వదిలాక ఛార్జ్ ఏమవుతుందో చెప్పదు. టైరోసిన్ pKa 10 దగ్గర ఉందని దాన్ని క్షారంగా లెక్కేసి +1 ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క పొరపాటుతో మొత్తం లెక్క ఒక ఛార్జ్ పక్కకు జరిగిపోతుంది.

## రెండో పని: ఏ pKa పట్టిక?

జీవరసాయన పుస్తకాల్లో కనిపించే పట్టిక స్వేచ్ఛగా ఉన్న అమైనో ఆమ్లాలది. అందులో ఆస్పార్టిక్ ఆమ్లపు అమైనో గుంపు pKa సుమారు 9.6, ఫినైల్‌అలనిన్ కార్బాక్సిల్ pKa సుమారు 1.8. పెప్టైడ్‌కు ఈ చివరల విలువలు వాడకూడదు.

కారణం చూడండి. స్వేచ్ఛగా ఉన్న అమైనో ఆమ్లంలో అమైనో గుంపు పక్కనే ఒక ఋణాత్మక కార్బాక్సిలేట్ ఉంటుంది. ఆ ఋణ ఛార్జ్ పక్కనున్న ధన ఛార్జ్‌కు ఊతం ఇస్తుంది, కాబట్టి ప్రోటాన్ ఊడిరావడానికి మొరాయిస్తుంది. అందుకే pKa 9 దాటుతుంది. పెప్టైడ్‌లో ఆ కార్బాక్సిలేట్ అమైడ్ అయిపోయింది. దానికి ఛార్జ్ లేదు, పైగా ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. ఊతం పోగానే ప్రోటాన్ సులువుగా జారిపోతుంది, pKa 8 దగ్గరికి దిగుతుంది. కార్బాక్సిల్ చివర కథ దీనికి తలకిందులు. స్వేచ్ఛగా ఉన్నప్పుడు పక్కనున్న ధనాత్మక అమైనో గుంపు ప్రోటాన్‌ను త్వరగా వెళ్లగొడుతుంది కాబట్టి pKa 2 దగ్గర ఉంటుంది. పెప్టైడ్‌లో ఆ తోపు లేదు, విలువ 3.5 దాటుతుంది.

పెప్టైడ్లకు సరైన విలువలు పెప్టైడ్లలోనే కొలిచినవి. 2006లో థర్ల్‌కిల్, గ్రిమ్స్‌లీ, షోల్ట్జ్, పేస్ అలనిన్ పెంటాపెప్టైడ్లను తీసుకుని, మధ్యలో ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని పెట్టి, 25 డిగ్రీల దగ్గర 0.1 M పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో కొలిచారు. చిన్న, మడతపడని పెప్టైడ్లకు ఇది చాలా చక్కని పట్టిక.

| గుంపు | pKa | ప్రోటాన్ ఉంటే | పోతే |
|---|---|---|---|
| కార్బాక్సిల్ చివర | 3.67 | 0 | −1 |
| ఆస్పార్టిక్ | 3.67 | 0 | −1 |
| గ్లుటామిక్ | 4.25 | 0 | −1 |
| హిస్టిడిన్ | 6.54 | +1 | 0 |
| అమైనో చివర | 8.00 | +1 | 0 |
| సిస్టీన్ | 8.55 | 0 | −1 |
| టైరోసిన్ | 9.84 | 0 | −1 |
| లైసిన్ | 10.40 | +1 | 0 |

ఆర్జినిన్‌కు పుస్తకాలు 12.5 అంటాయి. 2015లో జాగ్రత్తగా తిరిగి కొలిచినప్పుడు అది 13.8 అని తేలింది. మన లెక్కకు ఏది వాడినా ఒకటే. pH 11 దాకా అది పూర్తిగా +1 గానే ఉంటుందని గుర్తుంటే చాలు. సిస్టీన్ విషయంలో ఒక్క మాట: అది డైసల్ఫైడ్ బంధంలో ఉంటే దానికి వదలడానికి ప్రోటాన్ లేదు, జాబితాలోంచి తీసేయాలి.

## మూడో పని: ఒక్కో గుంపు ఎంత శాతం?

pKa అంటే సగం అణువుల్లో ఆ గుంపు ప్రోటాన్‌తో, సగం అణువుల్లో ప్రోటాన్ లేకుండా ఉండే pH. అక్కడినుంచి ఒక యూనిట్ పైకి వెళితే ప్రోటాన్ మిగిలినవి సుమారు 9 శాతం, రెండు యూనిట్లు వెళితే 1 శాతం. కిందికి వెళ్లినా అంతే, దిశ మారుతుంది. హెండర్సన్–హాసెల్‌బాక్ సమీకరణాన్ని ఇలా తిప్పి రాసుకుంటే చేతిలో ఉండే పనిముట్టు అవుతుంది:

```
ధన గుంపు ఛార్జ్  = +1 / (1 + 10^(pH − pKa))
ఋణ గుంపు ఛార్జ్ = −1 / (1 + 10^(pKa − pH))
```

రెండింటిలో ఘాతం తలకిందులుగా ఉండటం గమనించండి. కాలిక్యులేటర్ మీద వేసేటప్పుడు ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పట్టుకునే చిట్కా ఒకటుంది. pH బాగా తక్కువగా పెట్టి చూడండి. ధన గుంపు +1 రావాలి, ఋణ గుంపు సున్నా రావాలి. తిరగబడి వస్తే గుర్తు మారిపోయినట్టే.

ఇప్పుడు రక్తపు pH అయిన 7.4 దగ్గర మన పెప్టైడ్‌ను చూద్దాం. కార్బాక్సిల్ చివర, ఆస్పార్టిక్ రెండూ దాదాపు పూర్తిగా −1. ఆర్జినిన్ +1. టైరోసిన్ −0.004, అంటే లేనట్టే. హిస్టిడిన్ +0.121, అమైనో చివర +0.799. కూడితే −0.08 వస్తుంది.

ఈ −0.08 ని "దాదాపు సున్నా" అని వదిలేయకుండా లోపలికి తొంగి చూడటం మంచిది. ఏ అణువుకూ −0.08 ఛార్జ్ ఉండదు. ఛార్జ్ ఎప్పుడూ పూర్ణాంకమే. హిస్టిడిన్, అమైనో చివర రెండూ ప్రోటాన్‌తో ఉన్న అణువులు సుమారు 10 శాతం, వాటి ఛార్జ్ +1. రెండింటిలో ఒక్కటే ప్రోటాన్‌తో ఉన్నవి 73 శాతం, వాటిది సున్నా. రెండూ వదిలేసినవి 18 శాతం, వాటిది −1. పైగా ఒక్కొక్క అణువు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి క్షణక్షణం మారుతూనే ఉంటుంది. మనం రాసే నికర ఛార్జ్ ఈ అణువులన్నిటి సగటు. సున్నా ఛార్జ్ ఉన్న అణువులో కూడా రెండు ధన ఛార్జ్‌లు, రెండు ఋణ ఛార్జ్‌లు ఉన్నాయి. అది ఛార్జ్ లేని అణువు కాదు, ఛార్జ్‌లు సరితూగిన అణువు.

## నాలుగో పని: మెట్లు ఎక్కి సున్నా ఎక్కడుందో కనుక్కోవడం

pH 1 నుంచి మొదలుపెట్టండి. ప్రతి గుంపు మీదా ప్రోటాన్ ఉంది. ఛార్జ్ మూడు ధన గుంపుల లెక్కే: +3. ఇప్పుడు pH పెంచుతూ పోతే pKa తక్కువగా ఉన్న గుంపు ముందు వదులుతుంది. గుంపు ఏ జాతిదైనా సరే, ఒక ప్రోటాన్ పోయిందంటే ఛార్జ్ ఒకటి తగ్గుతుంది.

```
+3  --3.67-->  +2  --3.67-->  +1  --6.54-->  0  --8.00-->  −1  --9.84-->  −2  --13.8-->  −3
```

సున్నా రూపానికి ఎడమ పక్క 6.54, కుడి పక్క 8.00. వీటి సగటు 7.27. అదే pI. మిగతా నాలుగు pKa లకు ఇందులో పాత్ర లేదు. అవి చేసిన పనల్లా సున్నా ఏ మెట్టు మీద పడాలో నిర్ణయించడమే. అన్ని pKa లనూ కూడి ఆరుతో భాగించేవాళ్లు చేసే తప్పు ఇదే. ఆర్జినిన్‌కు 12.5 బదులు 13.8 వేస్తే వాళ్ల జవాబు మారిపోతుంది, నిజమైన pI మాత్రం ఇసుమంత కూడా కదలదు.

మొదట చెప్పిన 7.74 ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. స్వేచ్ఛా అమైనో ఆమ్లాల పట్టికలో హిస్టిడిన్ 6.0, అమైనో చివర 9.6. సున్నాను అటూఇటూ కాపలా కాస్తున్నది ఆ రెండే. అమైనో చివర 1.6 యూనిట్లు ఎక్కువ పడింది, హిస్టిడిన్ కొంచెం తక్కువ పడింది, pI సుమారు అర యూనిట్ పైకి పోయింది. కార్బాక్సిల్ చివరకు 1.8 వేసినా 3.67 వేసినా ఈ పెప్టైడ్ pI లో తేడా కనబడదు. అంటే pKa పట్టిక తప్పయితే ఎంత నష్టమన్నది, తప్పు ఏ మెట్టు మీద ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. సున్నా పక్కనున్న రెండు విలువలను రెండుసార్లు సరిచూసుకోండి.

మనసులో పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది. ఆ పాత పట్టికతో 6.0, 9.6 ల సగటు తీస్తే 7.80 రావాలి, పూర్తి సమీకరణంతో చేస్తే 7.74 వస్తుంది. రెండు మెట్లు బాగా దూరమైనప్పుడు మధ్యలో ఛార్జ్ రేఖ దాదాపు చదునుగా ఉంటుంది. అలాంటి చోట 10.07 దగ్గరున్న టైరోసిన్ వదిలే అర శాతం ప్రోటాన్లు కూడా సున్నాను పక్కకు జరపగలవు. ప్రయోగంలోనూ ఇంతే. చదునైన చోట pI ని కచ్చితంగా కొలవడం కష్టం, ఆ అంకెకు విలువ కూడా తక్కువ.

మన పట్టికతో వివిధ pH ల దగ్గర యాంజియోటెన్సిన్ II ఛార్జ్ ఇలా ఉంటుంది. మీ లెక్కతో పోల్చుకోండి.

| pH | నికర ఛార్జ్ |
|---|---|
| 2 | +2.96 |
| 3.67 | +2.00 |
| 5 | +1.06 |
| 6 | +0.78 |
| 7.27 | 0 |
| 7.4 | −0.08 |
| 9 | −1.03 |

## ఒకే pKa రెండుసార్లు వస్తే సగటు తప్పుతుంది

కొనుక్కునే పెప్టైడ్లకు తరచుగా చివరలు మూసేసి ఇస్తారు. అమైనో చివరకు అసిటైల్, కార్బాక్సిల్ చివరకు అమైడ్. వరుస అదే ఉంటుంది కాబట్టి దీన్ని పట్టించుకోకుండా pI లెక్కవేస్తుంటారు. ఎంత మారుతుందో చూడండి.

కార్బాక్సిల్ చివరను అమైడ్ చేస్తే ఒక ఋణ గుంపు పోయింది. మెట్లు +3, ఆస్పార్టిక్ తరవాత +2, హిస్టిడిన్ తరవాత +1, అమైనో చివర తరవాత 0, టైరోసిన్ తరవాత −1. సున్నా ఇప్పుడు 8.00, 9.84 ల మధ్యకు వెళ్లింది. సగటు 8.92, పూర్తి లెక్క 8.93. ఒక్క చివర మూసినందుకు pI యూనిట్ మీద అర దాటి ఎక్కింది. ఇంతసేపూ లెక్కలోకి రాని టైరోసిన్ ఇప్పుడు పక్క మెట్టు అయి కూర్చుంది.

దీనికి బదులు అమైనో చివరకు అసిటైల్ పెడితే ధన గుంపు పోతుంది. +2 నుంచి మొదలు, 3.67, 3.67 దాటాక సున్నా, ఆపైన హిస్టిడిన్ 6.54. సగటు తీస్తే 5.1 వస్తుంది. పూర్తి సమీకరణం 5.26 అంటుంది. ఈ తేడా గుండ్రం చేయడంలో వచ్చినది కాదు. కార్బాక్సిల్ చివర, ఆస్పార్టిక్ రెండిటికీ ఒకే pKa. అలాంటప్పుడు మొదటి ప్రోటాన్ ఊడటానికి రెండు దారులున్నాయి, కాబట్టి మొదటి మెట్టు 0.30 కిందికి దిగుతుంది. తిరిగి రావడానికి రెండు ఖాళీలున్నాయి కాబట్టి రెండో మెట్టు 0.30 పైకి లేస్తుంది. ఆ 0.30 అంటే లాగ్ 2 మాత్రమే. సున్నా పక్కనున్న నిజమైన మెట్టు 3.67 కాదు, 3.97. దానికీ 6.54 కూ సగటు తీస్తే 5.26 సరిగ్గా వస్తుంది.

నియమం ఇలా పెట్టుకోవచ్చు. సున్నా పక్కనున్న రెండు మెట్లు ఒక్కొక్కటిగా, మిగతా వాటికి కనీసం ఒకటిన్నర యూనిట్ దూరంలో ఉంటే సగటు చాలు. ఒకే రకం గుంపులు రెండు మూడు ఉంటే, రెండు ఆస్పార్టిక్‌లు, మూడు లైసిన్‌లు లాంటివి ఉంటే, పూర్తి సమీకరణమే వాడాలి.

చేత్తో చేయడం విసుగనిపిస్తే ఈ చిన్న కోడ్ చాలు. pH 0 కీ 14 కీ మధ్య సగం, సగంలో సగం అంటూ సున్నాను పట్టుకుంటుంది. pH పెరిగితే ఛార్జ్ తగ్గడమే తప్ప పెరగదు కాబట్టి ఈ పద్ధతి దారి తప్పదు.

```python
PK = {'D': 3.67, 'E': 4.25, 'C': 8.55, 'Y': 9.84,
      'H': 6.54, 'K': 10.40, 'R': 13.8}
NT, CT = 8.00, 3.67

def charge(seq, pH, nt=True, ct=True):
    pos = [PK[a] for a in seq if a in 'HKR'] + ([NT] if nt else [])
    neg = [PK[a] for a in seq if a in 'DECY'] + ([CT] if ct else [])
    return (sum(1 / (1 + 10**(pH - p)) for p in pos)
            - sum(1 / (1 + 10**(p - pH)) for p in neg))

def pI(seq, **k):
    lo, hi = 0.0, 14.0
    while hi - lo > 0.001:
        mid = (lo + hi) / 2
        if charge(seq, mid, **k) > 0:
            lo = mid
        else:
            hi = mid
    return round((lo + hi) / 2, 2)

print(pI('DRVYIHPF'))            # 7.27
print(pI('DRVYIHPF', nt=False))  # 5.26
print(pI('DRVYIHPF', ct=False))  # 8.93
```

అసిటైల్ ఉంటే `nt=False`, అమైడ్ ఉంటే `ct=False`. వెబ్‌లో దొరికే చాలా కాలిక్యులేటర్లు ఈ రెండూ అడగవు. వరుస తీసుకుని చివరలు తెరిచే ఉన్నాయనుకుంటాయి.

## pI కన్నా పని చేసే pH దగ్గరి ఛార్జ్ ముఖ్యం

శరీరంలో యాంజియోటెన్సిన్ II దాని ముందు రూపమైన యాంజియోటెన్సిన్ I నుంచి వస్తుంది. పది అమైనో ఆమ్లాల `DRVYIHPFHL` చివరినుంచి హిస్టిడిన్, ల్యూసిన్ జంటను ఒక ఎంజైమ్ తెంపేస్తుంది. ప్రయోగశాలలో ఈ రెండు పెప్టైడ్లను అయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్ మీద వేరు చేయాలనుకోండి. ముందు pI చూస్తారు. I ది సుమారు 7.44, II ది 7.27. "ఇంత దగ్గరగా ఉంటే ఎలా విడిపోతాయి" అని పద్ధతే మార్చేస్తారు. అది తొందరపాటు.

అదనంగా వచ్చిన హిస్టిడిన్ ఎక్కడ ఎంత ఛార్జ్ ఇస్తుందో చూడండి. pH 7.4 దగ్గర దాని వాటా +0.12 మాత్రమే. అందుకే అక్కడ II ఛార్జ్ −0.08, I ఛార్జ్ +0.04. కాలమ్‌కు రెండూ ఒకటే. pH 5 దగ్గర అదే హిస్టిడిన్ +0.97 ఇస్తుంది. అక్కడ II ఛార్జ్ +1.06, I ఛార్జ్ +2.03. దాదాపు రెట్టింపు. ధన ఛార్జ్ ఎక్కువున్న దాన్ని గట్టిగా పట్టుకునే కేటయాన్ ఎక్స్ఛేంజ్ కాలమ్‌ను 20 mM అసిటేట్ బఫర్, pH 5.0 తో తడిపి, పెప్టైడ్లను ఎక్కించి, సోడియం క్లోరైడ్‌ను మెల్లగా పెంచుకుంటూ పోతే II ముందు దిగుతుంది, I తరవాత దిగుతుంది. అసిటేట్ ఎందుకంటే దాని pKa 4.76, pH 5 దగ్గర గట్టిగా నిలబడుతుంది.

ఇక్కడ బఫర్ 5.0 బదులు 6.5 తో చేస్తే ఏమవుతుంది? రెండిటికీ తేడా సగం ఛార్జ్‌కు పడిపోతుంది, శిఖరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అందుకే రెండు పెప్టైడ్ల మధ్య తేడా ఏ గుంపులో ఉందో ముందు చూసి, ఆ గుంపు pKa నుంచి ఒకటిన్నర యూనిట్ దూరంలో, అది పూర్తిగా ఛార్జ్ అయి ఉండే వైపు pH ఎంచుకోవాలి. తేడా ఆస్పార్టిక్‌లో ఉంటే ఈ pH వేరే అవుతుంది.

## సీసాలోంచి బయటికి తీసేటప్పుడు

కృత్రిమంగా తయారుచేసిన పెప్టైడ్లు ఎక్కువగా ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో శుద్ధి అయి వస్తాయి. అందువల్ల ప్రతి ధన గుంపుతో ఒక ట్రైఫ్లోరోఅసిటేట్ జతకట్టి ఉంటుంది. యాంజియోటెన్సిన్ II కి అలాంటివి మూడు. పెప్టైడ్ అణుభారం సుమారు 1046, మూడు ఆమ్ల అణువులది 342. సీసాలోని 1 మి.గ్రా. పొడిలో అసలు పెప్టైడ్ 0.75 మి.గ్రా. మించదు, తేమ ఉంటే ఇంకా తక్కువ. తూచిన బరువును నేరుగా పెప్టైడ్ బరువు అనుకుంటే గాఢత నాలుగో వంతు తప్పుతుంది. ధన గుంపుల లెక్క ముందే చేసుకుని ఉంటే ఈ సవరణకు ఒక్క నిమిషం పడుతుంది.

దీని రెండో ప్రభావం pH మీద. ఆ పొడి 1 మి.గ్రా. ను 1 మి.లీ. ఒట్టి నీళ్లలో కలిపితే కార్బాక్సిల్ గుంపులు వదిలే ప్రోటాన్లతో ద్రావణం 3, 4 ల మధ్యకు పడిపోతుంది. అక్కడ పెప్టైడ్ ఛార్జ్ రెండుకు అటూఇటూ ఉంటుంది. లెక్క 7.4 కు వేసి, పని 3.5 దగ్గర చేస్తున్నట్టవుతుంది. బఫర్ 1 mM మాత్రమే ఉంటే ఇదే జరుగుతుంది. కలిపిన తరవాత pH పేపర్ మీద ఒక చుక్క వేసి చూడటం తప్పనిసరి. బఫర్ తయారుచేసినప్పటి pH ని నమ్మకండి.

ఉష్ణోగ్రత కూడా మెట్లను జరుపుతుంది, అన్నిటినీ ఒకేలా మాత్రం కాదు. కార్బాక్సిల్ pKa లు దాదాపు కదలవు. హిస్టిడిన్, అమైనో చివర ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 నుంచి 0.03 వరకు దిగుతాయి. 25 నుంచి 37 డిగ్రీలకు వెళితే యాంజియోటెన్సిన్ II pI 7.27 నుంచి సుమారు 7.0 కు వస్తుంది, ఎందుకంటే సున్నా పక్కనున్న మెట్లు రెండూ ఆ కదిలే రకమే. అసిటైల్ పెట్టిన రూపంలో కదిలేది ఒక్కటే కాబట్టి మార్పు సగమే.

## ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుంది

ఇంతవరకూ ప్రతి గుంపూ పక్కవాళ్లను పట్టించుకోదనే అనుకున్నాం. నిజానికి యాంజియోటెన్సిన్ II మొదటి అమైనో ఆమ్లంలోనే అమైనో చివర, ఆస్పార్టిక్ కార్బాక్సిల్ రెండూ పక్కపక్కన ఉన్నాయి, ఆ వెంటనే ఆర్జినిన్ ఉంది. కార్బాక్సిలేట్ అమైనో చివర pKa ని పైకి లాగుతుంది, ఆర్జినిన్ కిందికి తోస్తుంది. అదే ధన ఛార్జ్‌లు ఆస్పార్టిక్ pKa ని కిందికి దించుతాయి. కాబట్టి పట్టిక నుంచి వచ్చిన pI ని రెండో దశాంశం దాకా నమ్మకూడదు. చిన్న, మడతపడని పెప్టైడ్‌కు పావు, అర యూనిట్ తేడా సహజం. అదే మడతపడిన ప్రోటీన్ లోపల దాగిన గుంపులకైతే రెండు మూడు యూనిట్లు కూడా జరగవచ్చు, అక్కడ ఈ పట్టిక ఒట్టి మొదటి అంచనా మాత్రమే.

pI కి ఆ అర యూనిట్ ముఖ్యమైతే సున్నా పక్కనున్న రెండు గుంపులనే కొలవండి, ఆరూ అక్కర్లేదు. హిస్టిడిన్‌ను ప్రోటాన్ ఎన్‌ఎమ్‌ఆర్ మీద కొలవడం సులువు. ఇమిడజోల్ ఉంగరంలో రెండు నైట్రోజన్ల మధ్యనున్న కార్బన్ మీది హైడ్రోజన్ సంకేతం, హిస్టిడిన్ ప్రోటాన్‌తో ఉన్నప్పుడు 8.6 ppm దగ్గర, వదిలాక 7.7 దగ్గర కనిపిస్తుంది. pH 5 నుంచి 8.5 దాకా పది పన్నెండు చోట్ల ఆ స్థానం రాసుకుని గ్రాఫ్ గీస్తే, S ఆకారపు వంపులో సరిగ్గా సగం దగ్గర pKa ఉంటుంది. భారజలంలో చేస్తే మీటరు చూపే అంకె, అక్కడ pH కి బదులు వాడే pD అసలు విలువ కన్నా 0.4 తక్కువగా ఉంటుంది. హిస్టిడిన్ లాంటి గుంపుల pKa కూడా భారజలంలో దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి, మీటరు అంకెను దిద్దకుండా అలాగే వాడితే రెండు తేడాలూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదాన్ని మాత్రం దిద్ది రెండోదాన్ని వదిలేస్తేనే pKa 0.4 తప్పుగా వస్తుంది. అందులో సగం, 0.2, నేరుగా మీ pI లో కలిసిపోతుంది.